పొలం సంతకం గొడవ: ఇంటి సంగతి రాసేటప్పుడు ఏది ఉంచాలి, ఏది వదలాలి

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. నాన్నకీ మా మేనత్తకీ 2005లో పొలం సంతకం దగ్గర చెడింది. నాన్న పోయేదాకా మాటల్లేవు. ఆయన పోయి రెండేళ్లయింది. అత్త విజయవాడలో ఉంటుంది, బాబాయి ఊళ్లోనే. కథగా మార్చకుండా, జరిగింది జరిగినట్టు వ్యాసం రాసి పత్రికకు పంపాలని ఉంది. పేర్లు మారుస్తాను. అయినా అమ్మా అత్తా నొచ్చుకోకుండా, నేను అబద్ధం ఆడకుండా ఎలా? రాసిన నాలుగు పేజీలూ పంపుతున్నాను. గొడవ ఉన్న పేరా ఇది:

"సంక్రాంతి వెళ్లాక అత్తని రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్లి, ఏమీ చెప్పకుండా సంతకం పెట్టించారు. నాన్నకి అప్పటికి అప్పులున్నాయి. అత్త కూతురికి ఒక సంబంధం తప్పిపోయి, ఆ పిల్ల మనసు బాగోక ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నారు. అందుకే అత్త నోరు మెదపలేదు. బాబాయికి అన్నీ తెలుసు. డబ్బు కోసం సొంత చెల్లెల్ని మోసం చేశాడు మా నాన్న."

జవాబు:

ముందు పేర్ల సంగతి తేల్చేద్దాం. పేర్లు మార్చడం వల్ల మీవాళ్లకి వచ్చే రక్షణ దాదాపు ఏమీ లేదు. వ్యాసం కింద మీ పేరుంటుంది, పేరు ముందు ఇంటి పేరుంటుంది. "మా మేనత్త" అన్నారంటే మీ నాన్నగారి తోబుట్టువు. మీ పేజీలను బట్టి ఆయనకి చెల్లెలు ఒక్కరే, కాబట్టి ఆ మనిషి ఎవరో తేలిపోయింది. ఆమెను సుభద్ర అన్నా సావిత్రి అన్నా మీ ఊరివాళ్లు ఒక్క క్షణం కూడా తడబడరు. పేరు మార్పు పనిచేసేది శ్రీకాకుళంలోనో అనంతపురంలోనో ఉన్న పాఠకుడి దగ్గరే. అతను మీ అత్తని ఎప్పుడూ చూడడు, ఆమెకి అతని వల్ల వచ్చే నష్టమూ లేదు. నష్టం చేయగలిగింది ఆమె ఉండే అపార్ట్‌మెంటు వాళ్లు, వియ్యాలవారు, ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చునేవాళ్లు. వాళ్లందరూ గుర్తుపడతారు. కాబట్టి ప్రతి వాక్యాన్నీ "ఇది ఎవరి గురించో అందరికీ తెలుసు" అనుకునే రాయాలి. అలా అనుకుని కూడా ఉంచగలిగిన వాక్యమే అచ్చుకి వెళ్లాలి.

కలం పేరుతో వేస్తే కొంత నయం. కానీ ఈ కాలంలో ఒక్క బంధువు గుర్తుపట్టి ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఆ ముసుగు తొలగిపోతుంది. పైగా కలం పేరు చాటున రాసేవాళ్లు తెలియకుండానే మాట తూలుతారు. నా సలహా, సొంత పేరుతోనే రాయండి. మీ కలాన్ని అదుపులో ఉంచేది అదే.

పేరు కంటే ఎక్కువగా పట్టిచ్చేవి మీ మూడో పేజీలో ఉన్నాయి. ఊరి పేరు రాశారు. 2015లో అమరావతి రాజధాని కోసం ప్రభుత్వం చేసిన భూముల పూలింగుకి పొలం ఇచ్చామని, నీటి వసతి ఉన్న జరీబు భూమి కాబట్టి ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం వచ్చిందని, మొత్తం ఎన్ని ఎకరాలో సెంట్లతో సహా రాశారు. అప్పటి పూలింగు జరిగింది 29 గ్రామాల్లో. ఊరు చెప్పకపోయినా పూలింగు అన్నమాటతోనే పాఠకుడు ఆ 29లోకి వచ్చేస్తాడు. దానికి సెంట్ల లెక్క తోడైతే, ఆ ఊరివాడికి రికార్డు కూడా అక్కర్లేదు. ఆ వివరంలో కొంత మీ వ్యాసానికి అవసరమే. చల్లారిన గొడవ మళ్లీ రాజుకున్నది భూమి విలువ పెరిగాకే కదా. అది తీసేస్తే అత్త పదేళ్ల తర్వాత ఎందుకు అడిగిందో పాఠకుడికి అర్థం కాదు, ఆశపోతులా కనబడుతుంది. కాబట్టి పూలింగు ఉండాలి. ఊరి పేరూ సెంట్లూ వెళ్లిపోవాలి. "కృష్ణ ఒడ్డున మా ఊరు", "రెండెకరాల పైచిలుకు" అంటే చాలు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. వివరాన్ని మసకబార్చడం వేరు, మార్చేయడం వేరు. ఊరు చెప్పకపోతే అది మీ ఇష్టం. మీ ఊరికి బదులు తెనాలి పక్కన ఇంకో ఊరి పేరు పెడితే అది అబద్ధం. ఆపైన ప్రమాదం కూడా. ఆ ఊళ్లో అచ్చం ఇలాగే చెల్లెలి సంతకం దగ్గర చెడిన కుటుంబం ఉండదని మీరు చెప్పలేరు. మన జిల్లాల్లో ఇలాంటి సంతకం లేని వీధి వెతకాలి. మీ ఇంటి గుట్టు కాపాడబోయి ఇంకొకరి ఇంటిని రచ్చకీడ్చినట్టవుతుంది. ఇంటి పేరు మార్చినప్పుడూ ఇదే జరుగుతుంది. జరిగింది జరిగినట్టు అని చెప్పి రాసే వ్యాసంలో మసక చేయండి, వదిలేయండి, కానీ ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టకండి.

ఇప్పుడు అసలు పేరా. దీన్ని కాగితం మీద ప్రింటు తీసి మూడు రంగుల పెన్నులు తీసుకోండి. మీ కళ్లతో చూసినదానికి ఒకటి, ఎవరో చెప్పగా విన్నదానికి ఒకటి, మీరు ఊహించినదానికి ఒకటి. వాక్యం వాక్యం కాదు, మాట మాటకీ గీయాలి, ఎందుకంటే ఒకే వాక్యంలో మూడూ కలిసిపోయి ఉంటాయి. మొదటి వాక్యమే చూడండి. "సంక్రాంతి వెళ్లాక రిజిస్ట్రారు ఆఫీసుకి" అన్నది మీరు చూసింది, వాళ్లు బయల్దేరినప్పుడు మీరు ఇంట్లో ఉన్నారని రెండో పేజీలో ఉంది. "తీసుకెళ్లి" అన్న మాటలో బలవంతం ధ్వనిస్తోంది. ఆమె తనంతట తను వచ్చిందో, రమ్మంటే వచ్చిందో మీకు తెలుసా? "ఏమీ చెప్పకుండా" అన్నది అత్త తర్వాత చెప్పిన మాట. "సంతకం పెట్టించారు" అన్న బహువచనంలో బాబాయి కూడా ఉన్నాడు. "బాబాయికి అన్నీ తెలుసు" అన్నది పూర్తిగా ఊహ. చివరి వాక్యం ఊహ కూడా కాదు, తీర్పు. ఇలా గీస్తే మీ పేరాలో కళ్లతో చూసిన రంగు మొత్తం కలిపి ఒక పంక్తికి మించదు. కుటుంబ గొడవల మీద వచ్చే చిత్తు ప్రతుల్లో దాదాపు అన్నిటికీ ఇదే లెక్క. గొడవ జరిగినప్పుడు పిల్లలు పక్క గదిలో ఉంటారు. పెద్దయ్యాక రాసేటప్పుడు మాత్రం ఆ గదిలోనే ఉన్నట్టు రాస్తారు.

విన్నదాన్ని రాయకూడదని కాదు. ఎవరి నోట విన్నారో వాళ్ల నోటనే ఉంచాలి. "ఏమీ చెప్పకుండా సంతకం పెట్టించారు" అని మీ గొంతుతో అంటే అది మీ ఆరోపణ. "ఏమీ చెప్పలేదని అత్త అంటుంది" అంటే అది అత్త మాట, ఆమె అలా అంటుందన్నది మీకు తెలిసిన నిజం. అమ్మ అందుకు ఒప్పుకోకపోతే ఆ మాట కూడా పక్కనే, అంతే చోటిచ్చి రాయాలి. రెండు మాటలూ పొసగకపోతే పొసగకుండానే వదిలేయండి. పాఠకుడికి అదేం ఇబ్బంది కాదు.

కొన్నిటిని మాత్రం ఎవరి మాటా లేకుండా తేల్చుకోవచ్చు. ఆ రోజు రిజిస్టరైన కాగితం ఇప్పటికీ ఉంటుంది. స్థిరాస్తికి సంబంధించిన దస్తావేజులు రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఒకటో పుస్తకంలోకి ఎక్కుతాయి. ఆ పుస్తకాన్ని ఎవరైనా రుసుము కట్టి చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. సర్వే నంబరు మీద ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టిక తీస్తే దస్తావేజు నంబరు, సంవత్సరం దొరుకుతాయి. ఆ నంబరుతో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ నకలుకి దరఖాస్తు పెట్టండి. వచ్చాక నాలుగు విషయాలు చూడండి. అది ఏ దస్తావేజు: హక్కు విడుదలా, భాగ పరిష్కారమా? తేదీ ఏమిటి? అత్తకి ఏదైనా ప్రతిఫలం ముట్టినట్టు రాసుందా? సాక్షులుగా ఎవరు సంతకాలు చేశారు? సాక్షుల్లో అత్త భర్త పేరు కనబడితే "ఏమీ చెప్పకుండా" అన్న మాటకి అక్కడే బీట పడుతుంది. ప్రతిఫలం అంకె కనబడితే మీ పేరా అంతా తిరగరాయాల్సి రావచ్చు. ఇలాంటివి అచ్చయ్యాక బయటపడకూడదు.

అయితే కాగితానికీ హద్దుంది. రిజిస్ట్రారు ముందు ఆమె సంతకం తనదేనని ఒప్పుకున్నట్టు అందులో ఉంటుంది. ఒప్పుకోందే రిజిస్టరు కాదు. ఆమె చదివిందా, అర్థమైందా, ఇంట్లో ముందురోజు రాత్రి ఎవరు ఏం మాటిచ్చారు అన్నది ఏ నకల్లోనూ ఉండదు.

"మోసం" అనే ముందు ఇంకొకటి కూడా తెలుసుకోవాలి: అసలు ఆమెకి వాటా ఎంత? అది తాతగారి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతురికీ కొడుకులతో సమానంగా వస్తుంది. పిత్రార్జితమైతే మన రాష్ట్రంలో సంగతి కాస్త వేరు. ఆంధ్రప్రదేశ్ సవరణ కూతుళ్లకి పుట్టుకతో హక్కు ఇచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి, అదీ ఆ నాటికి పెళ్లికాని కూతుళ్లకి. పెళ్లయినవాళ్లకి కూడా వర్తించేలా కేంద్ర సవరణ అమల్లోకి వచ్చింది 2005 సెప్టెంబరు 9న. మీ అత్త సంతకం పెట్టింది అదే ఏడాది జనవరిలో. అంటే ఆమె పెళ్లి 1985కి ముందా తర్వాతా అన్నదాన్ని బట్టి, ఆ రోజు ఆమె వదులుకున్నది మూడో వంతా, అంతకంటే చాలా తక్కువా అన్నది మారిపోతుంది. వ్యాసంలో ఈ చట్టమంతా వల్లించనక్కర్లేదు. కానీ మీకు తెలియకుండా మాత్రం "వాటా కాజేశారు" అని రాయలేరు.

ఇక ఆ పేరాలో అన్నిటికంటే బరువైన వాక్యం నాన్నగారి గురించిది కాదు. అత్త కూతురి గురించిది. ఆ అమ్మాయి ఈ గొడవలో లేదు. సంతకం పెట్టలేదు, పొలం అడగలేదు. ఆమె పెళ్లి సంబంధం తప్పిపోవడం, ఆసుపత్రి, ఇవి ఆమె సొంతం. ఇప్పుడు ఆమెకి సంసారం ఉండొచ్చు, అత్తింటివాళ్లకి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత బావ మరదళ్ల వరస మనిషి రాసిన వ్యాసంలో వాళ్లు అది చదవకూడదు. పేరు మార్చినా, "ఒక దగ్గరి బంధువు" అన్నా సరే, ఆ వాక్యం పూర్తిగా పోవాలి.

పోతే ఒక చిక్కుంది. అత్త ఆ రోజు ఎందుకు మాట్లాడలేదు అన్నదానికి మీ దగ్గరున్న కారణం అదొక్కటే. చాలామంది ఇక్కడే తప్పు దారి పడతారు. ఖాళీ కనబడకుండా ఇంకో కారణం అల్లి పెడతారు: "అన్నగారంటే భయం", "అమాయకురాలు" అని. అప్పుడు గుట్టు కాపాడిన పేరుతో అత్తనే మార్చేశారు. ఖాళీని ఖాళీగా చూపించడం మంచిది. "ఆ రోజు ఆమె మౌనానికి కారణాలున్నాయి. నాకు తెలిసినంతవరకు అవి పొలానికి సంబంధించినవి కావు. అవి చెప్పాల్సింది నేను కాదు." ఇందులో అబద్ధం లేదు, దాచినట్టు పాఠకుడికి తెలుసు, అత్త బలహీనురాలిగానూ కనబడదు. ఏదైనా సమాచారం ఉంచాలా వద్దా అన్నప్పుడు నేను చూసేది ఇదే: అది గొడవలో ఉన్న మనిషి చేసిన పనా, లేక ఆ మనిషికో ఇంకొకరికో జరిగిన కష్టమా? చేసిన పనిని రాసే హక్కు కొంత మీకుంది. జబ్బు, గర్భం, పెళ్లి తప్పిపోవడం, తాగుడు మాన్పించే చికిత్స, ఇలాంటివి ఆ మనిషి స్వయంగా ఒప్పుకుంటే తప్ప మీవి కావు.

చట్టం గురించి కాస్త. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందకి వస్తుంది. 2024 జులై 1కి ముందు ఐపీసీ 499, 500. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. "నిజమే కదా రాశాను" అన్నది క్రిమినల్ కేసులో ఒక్కటే సరిపోదు. అది నిజమై ఉండాలి, ప్రజల మేలు కోసం చెప్పాల్సినదై ఉండాలి. ఇంటి పొలం గొడవలో ఆ రెండోది చూపించడం కష్టం. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. పోయినవాళ్ల గురించి రాసినా, బతికుంటే వాళ్ల పరువు పోయేదై, దగ్గరివాళ్ల మనసు నొప్పించాలనే రాస్తే, అదీ పరువు నష్టం కిందకి రావచ్చు. అంటే "నాన్న పోయారు కాబట్టి ఏమైనా రాయొచ్చు" అన్నది తప్పు. గోప్యత సంగతికొస్తే, 1994లో రాజగోపాల్ వర్సెస్ తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు, కుటుంబం, పెళ్లి, సంతానం లాంటి విషయాలు అనుమతి లేకుండా ప్రచురించకూడదని, అవి నిజమైనా కాకపోయినా అంతేనని చెప్పింది. పబ్లిక్ రికార్డుల్లో ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చింది. మీ దస్తావేజు నకలు ఈ మినహాయింపు వైపు నిలుస్తుంది. మరదలి ఆసుపత్రి సంగతి నిలవదు.

నిజానికి ఇలాంటి వ్యాసాలు కోర్టుదాకా వెళ్లడం అరుదు. మీకున్న అసలు చిక్కు వేరే వైపు నుంచి రావచ్చు. నాన్నగారి వారసులుగా ఆ స్థలాలు ఇప్పుడు మీ చేతిలో ఉన్నాయి. "నాన్న అత్తని మోసం చేశాడు" అని మీ పేరుతో అచ్చయితే, రేపు అత్త పిల్లలు దావా వేసినప్పుడు అది మీరే ఒప్పుకున్న మాటగా కోర్టులో పెడతారు. మీరు, మీ అమ్మగారు, మీతో పాటు హక్కున్న తోబుట్టువులు, అందరి మీదా దాని ప్రభావం ఉంటుంది. నోటీసులేమైనా నడుస్తుంటే, వ్యాసాన్ని ముందు వకీలుకి చూపించండి. అత్తకి వాటా ఇవ్వాలని మీ మనసులో ఉంటే అది ఆమెతో మాట్లాడి చేసే పని. వ్యాసంలో ప్రకటించే పని కాదు.

ఇప్పుడు పేరాని మళ్లీ రాద్దాం. నకలు వచ్చిందని, అందులో ప్రతిఫలం లేదని అనుకుందాం. మిగతా వివరాలన్నీ మీ పేజీల్లో అక్కడక్కడా ఉన్నవే, నేను కొత్తగా చేర్చింది లేదు.

"2005లో సంక్రాంతి వెళ్లాక ఒకరోజు పొద్దున్నే నాన్న, బాబాయి, అత్త కలిసి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లారు. నేను తొమ్మిదో తరగతి. మధ్యాహ్నానికి ముగ్గురూ తిరిగొచ్చారు. అమ్మ వడ్డిస్తానంటే అత్త వద్దని, మూడు గంటల బస్సుకి బెజవాడ వెళ్లిపోయింది. ఆమె సంతకం పెట్టిన కాగితం నకలు ఇప్పుడు నా దగ్గరుంది. తన హక్కు అన్నదమ్ములకు వదులుకుంటున్నట్టు, బదులుగా ఏమీ తీసుకోనట్టు అందులో ఉంది. పసుపు కుంకుమ కింద ఎకరం ఇస్తానని నాన్న మాటిచ్చాడనీ, ఆ మాట మీదే సంతకం పెట్టాననీ అత్త అంటుంది. అలాంటి మాటేదీ తన చెవిన పడలేదని అమ్మ అంటుంది. ఆ ఏడాది అప్పులవాళ్లు ఇంటికి రావడం నాకు గుర్తుంది. అత్త మౌనానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, అవి చెప్పాల్సింది నేను కాదు. నాన్న ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు బతికారు. ఎకరం సంగతి నేను ఒక్కసారీ అడగలేదు. ఆ పొలం కౌలు డబ్బుతో గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నవాణ్ణి, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం."

"మోసం" అన్న మాట పోయింది. అయినా ఏం జరిగిందో పాఠకుడికి మునుపటి కంటే బాగా తెలిసింది. "అప్పులవాళ్లు ఇంటికి రావడం" మీరు చూసింది కాబట్టి నిలిచింది. అప్పు ఎంత, ఎవరి దగ్గర అన్నది పోయింది. అన్నం వద్దని వెళ్లిపోవడం మీ మూడో పేజీ అడుగున ఎక్కడో పడి ఉంది, మొత్తం వ్యాసంలో అత్త బాధకి మీ దగ్గరున్న ఒకే ఒక్క కళ్లారా చూసిన సాక్ష్యం అది. బాబాయి ఆఫీసుకి వెళ్లాడు అన్నంతవరకే ఉన్నాడు. ఆయనకేం తెలుసో మీకు తెలియదు కాబట్టి అంతకుమించి లేడు. చివరి రెండు వాక్యాలు మీ నాలుగో పేజీలో "నా చదువు" అన్న చోట, గొడవకి దూరంగా ఉన్నాయి. వాటిని ఇక్కడికి తేవడమే ఈ పేరాలో అసలు పని. ఆ పొలం వల్ల మేలు పొందినవాళ్లలో మీరూ ఒకరు. అది చెప్పకుండా నాన్నని నిలదీస్తే చదివేవాళ్లకి ఎక్కడో తేడా కొడుతుంది. మీ అత్తకైతే మొదటి చదువులోనే తెలిసిపోతుంది.

మాటల విషయంలో ఒక జాగ్రత్త. ఇరవై ఏళ్ల కిందటి సంభాషణల్ని మీరు మూడు చోట్ల పది పన్నెండు పంక్తుల చొప్పున రాశారు. అంత ఎవరికీ గుర్తుండదు. నిజంగా చెవిలో ఉండిపోయిన ఒక్క ముక్క ఉంచి, మిగతాది మీ మాటల్లో చెప్పండి. అత్త రాసిన ఉత్తరం మొత్తం దించారు. కాగితం మీ ఇంట్లో ఉన్నా, అందులోని రాతకి కాపీరైటు ఆమెదే. ఆమె సరేనంటే తప్ప వేయకండి. ఫోన్లో మాట్లాడుతూ రికార్డు చేసినవాటి జోలికి అసలు పోవద్దు.

చూపించడం దగ్గర వరస ముఖ్యం. మరదలి వాక్యం తీసేసిన తర్వాతే ఎవరికైనా చూపించాలి. లేకపోతే అత్త గుట్టుని అమ్మకి మీరే చేరవేసినట్టవుతుంది. ముందు అమ్మగారు. అచ్చయ్యాక ఆ ఊళ్లో, ఆ ఇంట్లో ఉండేది ఆవిడే, పెళ్లిళ్లలో అత్తకి ఎదురుపడాల్సింది ఆవిడే. తర్వాత అత్త. చివర బాబాయి, ఆయనకి ఆయన ఉన్న పేరాలు చాలు. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపొద్దు. సాయంత్రానికి అది మీరు ఊహించని ఇరవై మంది దగ్గరుంటుంది. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఎదురుగా కూర్చుని ఇవ్వండి, లేదా చదివి వినిపించండి. నాన్నగారి సంవత్సరీకం దగ్గర్లో, ఇంట్లో శుభకార్యం ముందు వద్దు. రెండు వారాలు గడువివ్వండి, మొదటిరోజు వచ్చే కోపం, మొదటిరోజు వచ్చే "నీ ఇష్టం నాన్నా" రెండూ లెక్కలోకి రావు.

అడిగేటప్పుడు "బాగుందా?" అని అడిగితే బాగుందంటారు. "వేయొచ్చా?" అంటే వద్దంటారు. అడగాల్సినవి రెండే. "ఇందులో జరగనిది ఏదైనా ఉందా?" "ఇది బయటికొస్తే నీకో పిల్లలకో ఇబ్బంది కలిగించేది ఉందా?" మొదటిదానికి ఏదైనా చెబితే సరిచూసుకుని దిద్దండి. సరిచూడలేకపోతే వాళ్ల మాటగా చేర్చండి. రెండోదానికి చెబితే, అది వాళ్ల సొంత విషయమైనంతవరకు మారు మాట్లాడకుండా తీసేయండి. మూడోరకం జవాబు కూడా వస్తుంది: "మీ నాన్న గురించి ఇలా రాస్తావా?" అది వ్యాసం మీద అభిప్రాయం, అందులోని నిజం మీద కాదు. వినండి, కానీ దానికోసం మార్చక్కర్లేదు. ఏవి మారుస్తారో ఏవి మార్చరో ఆ కాగితాలు చేతికిచ్చేటప్పుడే చెప్పేయండి. అన్నిటికీ అనుమతి అడుగుతున్నట్టు ఇచ్చి, తర్వాత కాదంటే, అత్తకి ఇది రెండో సంతకమవుతుంది.

అత్త మొత్తానికే వద్దంటే? ఆమె కథ ఆమెది, మీ కథ మీది. అత్త బస్సెక్కి వెళ్లిపోయిన మధ్యాహ్నం తర్వాత ఆ ఇంట్లో పెరిగిన పిల్లాడి వ్యాసం రాయొచ్చు. అందులో అత్త ఏం కోల్పోయిందన్నది ఉండదు, మీరు ఏం అడగలేదన్నది ఉంటుంది. అది చిన్నదవుతుంది, నాలుగు పేజీలు రెండవుతాయి. అలా కూడా ఆమె వద్దంటే ఆపేయమనే చెబుతాను. చట్టం ఒప్పుకున్నా సరే. పూర్తి ప్రతిని తేదీ వేసి దాచుకోండి. దాన్ని కథగా మార్చి వేద్దామనుకుంటే, వరసలూ ఊరూ పంట తేదీలూ అలాగే ఉంచి "కల్పితం" అని పైన రాయడం వల్ల ఏమీ మారదు. గుర్తుపట్టేవాళ్లు అప్పుడూ గుర్తుపడతారు. పైగా కల్పితం అన్నందుకు మీరు చేర్చినవన్నీ కూడా నిజమనే అనుకుంటారు.

అందరూ సరేనన్నాక పత్రికకి పంపేటప్పుడు రెండు పంక్తుల ఉత్తరం జతచేయండి: ఇది జరిగిన విషయమని, ఇందులో ఉన్న బంధువులు చదివారని, కొన్ని వివరాలు కావాలనే మసక చేశానని. శీర్షిక, బొమ్మ, రచయిత పరిచయం, ఈ మూడూ అచ్చుకి ముందు చూపించమని అందులోనే అడగండి. మీరు ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసినా, డెస్కులో కూర్చున్నవాళ్లు పైన "చెల్లెలి వాటా మింగిన అన్న" అని శీర్షిక పెడితే బంధువులు చదివేది అదే, ఫార్వర్డ్ అయ్యేది అదే. పరిచయంలో మీ ఊరి పేరు రాయకండి, లోపల తీసేసింది కింద దొరికిపోతుంది. కుటుంబం ఫొటో అడిగితే ఇవ్వొద్దు. పొలం గట్టు బొమ్మ వేసుకోమనండి.